తప్పు చూపి, గడువిచ్చి, హక్కు నిలుపుకోవడం: కాంట్రాక్టర్‌కు పంపే ఉల్లంఘన నోటీసులో అసలు ఏముంటుంది?

పని అప్పగించిన కంపెనీ నుంచి కాంట్రాక్టర్‌కు ఒక ఉత్తరం వస్తుంది. అందులో మూడు మాటలుంటాయి. మీరు ఒప్పందాన్ని ఉల్లంఘించారు. ఇన్ని రోజుల్లో సరిదిద్దండి. ఈలోగా మేము మా హక్కుల్లో దేన్నీ వదులుకోవడం లేదు. మొదటిసారి చదివినవారికి ఇది అర్థం కాదు. కంపెనీ తెగదెంపులకు సిద్ధపడిందా, లేక అవకాశం ఇస్తోందా? రెండూ ఒకే కాగితం మీద ఎలా కుదురుతాయి?

కుదురుతాయి, కానీ అంత సులభంగా కాదు. ఈ మూడింటిలో రెండో మాటకూ మూడో మాటకూ మధ్య ఎప్పుడూ ఒక లాగులాట ఉంటుంది. ఎదుటివారికి గడువిచ్చామంటే కొంత ఓపిక పట్టినట్టే. ఓపిక పట్టినవారు హక్కు వదులుకున్నారని తరువాత ఎదుటి పక్షం వాదించవచ్చు. చాలా నోటీసులు బలహీనపడేది ఈ సందులోనే కాబట్టి, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఇది రద్దు నోటీసు కాదు

ముందుగా ఒక గందరగోళం తొలగించుకోవాలి. ఉల్లంఘన నోటీసు వేరు, ఒప్పందాన్ని రద్దు చేసే నోటీసు వేరు. మొదటిది తప్పు ఎత్తి చూపి, దాన్ని సవరించుకోమని అడుగుతుంది. రెండోది సంబంధాన్ని ముగిస్తుంది. అనేక దేశాల్లో నిర్మాణ పనులకు వాడే ఫిడిక్ నమూనా ఒప్పందాలను చూస్తే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 1999 నాటి ఫిడిక్ పుస్తకాల్లో 15.1 ఉపక్లాజు తప్పును సహేతుకమైన సమయంలో సరిదిద్దమని కోరే నోటీసు గురించి చెబుతుంది. ఆ నోటీసును కాంట్రాక్టర్ పాటించకపోతే, 14 రోజుల ముందస్తు నోటీసుతో ఒప్పందాన్ని రద్దు చేసే అధికారాన్ని 15.2 ఇస్తుంది. ఈ దారిలో మొదటి మెట్టు ఎక్కకుండా రెండో మెట్టు మీద కాలు పెట్టడానికి వీల్లేదు.

అందుకే మొదటి నోటీసు తరువాత జరిగే ప్రతిదానికీ పునాది. అందులో లోపముంటే, దాని మీద ఆధారపడి చేసిన రద్దు కూడా చెల్లకపోవచ్చు. అప్పుడు అన్యాయంగా ఒప్పందాన్ని తెంచిన పక్షం కంపెనీయే అవుతుంది, పరిహారం చెల్లించవలసిన బాధ్యతా దానిమీదే పడుతుంది.

ఒక గోదాము నేల కథ

దీన్ని ఊహించిన ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక కంపెనీ కొత్త గోదాముకు కాంక్రీటు నేల వేయమని కాంట్రాక్టర్‌కు పని ఇచ్చింది. నేలను 12 ప్యానెళ్లుగా పోయాలి. కాంక్రీటు బలం 30 మెగాపాస్కల్ ఉండాలి. పని మార్చి 31కల్లా పూర్తికావాలి. బలం మీద అనుమానం వస్తే గట్టిపడిన నేల నుంచి స్థూపాకారంలో మూడు కోరు నమూనాలు తీసి పరీక్షించాలని 9.3 క్లాజు చెబుతోంది. మూడింటి సగటు కోరిన బలంలో 85 శాతానికి తగ్గకూడదు. ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. అంటే సగటు కనీసం 25.5, విడిగా ప్రతిదీ కనీసం 22.5 మెగాపాస్కల్ ఉండాలి.

ఏడో ప్యానెల్ నమూనాల్లో 24, 21, 23 వచ్చాయి. సగటు 22.7. సగటు పరీక్షలోనూ తప్పింది, 21 వచ్చిన నమూనా వల్ల విడి పరీక్షలోనూ తప్పింది. ఎనిమిదో ప్యానెల్‌ది కూడా ఇదే పరిస్థితి. మిగతా పది ప్యానెళ్లు బాగానే ఉన్నాయి.

ఒప్పందంలోని 21.2 క్లాజు ప్రకారం, నోటీసు అందిన నాటి నుంచి 14 రోజుల్లో కాంట్రాక్టర్ లోపాన్ని సరిదిద్దాలి. లోపం స్వభావాన్ని బట్టి 14 రోజుల్లో పూర్తి చేయడం సాధ్యం కాకపోతే, ఆలోగా పని మొదలుపెట్టి ఎడతెగకుండా కొనసాగించాలి. ఆ రెండూ జరగకపోతే కంపెనీ వేరే నోటీసుతో ఒప్పందాన్ని రద్దు చేయవచ్చు.

ఇప్పుడు కంపెనీ పంపే నోటీసులో కీలక భాగం ఇలా ఉండవచ్చు:

> ఏడు, ఎనిమిది ప్యానెళ్ల నుంచి ఫిబ్రవరి 24న ఇరుపక్షాల సమక్షంలో తీసిన కోరు నమూనాల ఫలితాలు 9.3 క్లాజులోని పరిమితులకు లోబడి లేవు. పరీక్ష నివేదికను దీనితో జతచేస్తున్నాము. ఇది 9.3 క్లాజు ఉల్లంఘన. 21.2 క్లాజు కింద ఇస్తున్న ఈ నోటీసు మీకు అందిన నాటి నుంచి 14 రోజుల్లో ఆ రెండు ప్యానెళ్లను 9.3 క్లాజు ప్రమాణాలకు తీసుకురావాలి. ఆలోగా పూర్తికావడం సాధ్యం కాకపోతే, ఆ గడువులోపల దిద్దుబాటు పని ప్రారంభించి ఎడతెగకుండా కొనసాగించాలి. అలా జరగనట్లయితే 21.2 క్లాజు కింద ఒప్పందాన్ని రద్దు చేసే హక్కు మాకుంటుంది.
>
> ఈ గడువు ఇవ్వడం, గడువులో మీతో సంప్రదింపులు జరపడం, ఇతర ప్యానెళ్లకు బిల్లులు చెల్లించడం, వీటిలో ఏదీ ఈ ఉల్లంఘనను క్షమించినట్లు గానీ, ఆలస్యానికి పరిహారం సహా మా హక్కులను వదులుకున్నట్లు గానీ కాదు. లిఖితపూర్వకంగా, మా అధీకృత అధికారి సంతకంతో తప్ప ఈ గడువు పొడిగించబడదు.

మొదటి పేరాలో ఉన్నవన్నీ సరిచూసుకోగల వాస్తవాలే: ఏ ప్యానెల్, ఏ తేదీ, ఏ క్లాజు, ఏ నివేదిక. "మీ పనితనం నాసిగా ఉంది" వంటి మాట ఒక్కటి కూడా లేదు. నాసి అనేది అభిప్రాయం. 22.7 అనేది కొలత. అది చదివిన కాంట్రాక్టర్‌కు తాను ఏం చేస్తే ఈ గొడవ ముగుస్తుందో తెలుస్తుంది. తెలియకపోతే, సరిదిద్దుకునే అవకాశం ఇచ్చామనే మాటకే విలువ ఉండదు.

ఇంకొకటి గమనించండి. ప్యానెళ్లను పగలగొట్టి మళ్లీ పోయమని నోటీసు చెప్పలేదు. 9.3 ప్రమాణాలకు తీసుకురమ్మని మాత్రమే చెప్పింది. దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. ఎలా చేయాలో కూడా చెప్పేస్తే తరువాత వాదనలకు తావుండదని కొందరు అంటారు. ఫలితం మాత్రమే కోరాలని ఇంకొందరు అంటారు. రెండో వైపే నాకు బలం ఎక్కువగా కనిపిస్తోంది. కంపెనీ చెప్పిన పద్ధతిలోనే చేసి, అది విఫలమైతే, "మీరు చెప్పినట్టే చేశాం కదా" అని కాంట్రాక్టర్ అనగలడు. పద్ధతి ఎంచుకునే బాధ్యత అతని దగ్గరే ఉంటే ఆ మాటకు అవకాశం ఉండదు.

14 రోజుల గడువు, 28 రోజుల కాంక్రీటు

పాత కాంక్రీటు కోసి తొలగించడానికి ఐదు రోజులు, అడుగు సిద్ధం చేసి కొత్తది పోయడానికి మూడు రోజులు అనుకుందాం. కాంక్రీటు బలాన్ని 28 రోజుల వయసులో నిర్ధారిస్తారు. మొత్తం 36 రోజులు. ఎంత చిత్తశుద్ధి ఉన్న కాంట్రాక్టరైనా దీన్ని 14 రోజుల్లో ముగించలేడు.

21.2 క్లాజులో "పని మొదలుపెట్టి ఎడతెగకుండా కొనసాగించాలి" అనే రెండో దారి ఉన్నది ఇందుకే. అది లేని ఒప్పందాల్లో ఈ లెక్కే పెద్ద వివాదమవుతుంది. ఒప్పందంలో అంకె రాసి ఉంటే ఆ అంకె ప్రకారమే నడవాలని ఒక వాదన. సంతకం పెట్టినవారికి కాంక్రీటు ఎన్నాళ్లకు గట్టిపడుతుందో తెలుసు, తెలిసే ఒప్పుకున్నారు. అసాధ్యమైన గడువు ఇవ్వడమంటే గడువు ఇవ్వకపోవడమేనని ఎదురు వాదన. ఒప్పందం అంకె చెప్పకుండా "సహేతుకమైన సమయం" అన్నప్పుడు మాత్రం రెండో వాదన వైపే తూకం మొగ్గుతుంది. జిబ్రాల్టర్ విమానాశ్రయం పక్కన రోడ్డు, సొరంగం నిర్మాణంపై ఓహెచ్‌ఎల్ అనే స్పానిష్ సంస్థకూ అక్కడి ప్రభుత్వానికీ మధ్య వచ్చిన కేసులో ఇంగ్లండ్ కోర్టు 2014లో ఫిడిక్ 15.1ను వివరించింది. నోటీసు అల్పమైన లోపాల గురించి కాకూడదని, ఇచ్చే సమయం ఆనాటి పరిస్థితులన్నిటినీ చూసి సహేతుకంగా ఉండాలని చెప్పింది. ఆ కేసులో చివరికి ప్రభుత్వం చేసిన రద్దే నిలిచింది. అంటే ఈ ప్రమాణం కాంట్రాక్టర్‌కు రక్షణే గానీ, తప్పించుకునే మార్గం కాదు.

సరిదిద్దడానికే వీలులేని ఉల్లంఘనల సంగతేమిటి? నిన్న ఇవ్వవలసిన నివేదికను నిన్న ఇవ్వలేదు, ఆ నిన్న మళ్లీ రాదు. అంతమాత్రాన అది సరిదిద్దలేనిదని అనలేం. 1973లో షూలర్, విక్‌మన్ కంపెనీల కేసులో అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు ఈ ప్రశ్న వచ్చినప్పుడు, సరిదిద్దడమంటే గతాన్ని తుడిచేయడం కాదు, ఇకమీదట విషయాన్ని చక్కబెట్టడమనే అర్థం తీసుకున్నారు. రహస్య సమాచారం బయటికి పొక్కిపోవడం వంటి కొన్నింటికి మాత్రం ఈ అర్థంలో కూడా దిద్దుబాటు కష్టం.

గడువు ఏ రోజు మొదలైంది?

అన్నిటికన్నా చిన్నదిగా కనిపించి, అన్నిటికన్నా ఖరీదైన తప్పులకు దారితీసేది ఈ ప్రశ్న. మన ఉదాహరణలో కంపెనీ మేనేజర్ మార్చి 3న నోటీసును ఈమెయిల్లో పంపి, అదే రోజు కొరియర్‌కూ ఇచ్చాడు. మార్చి 17తో గడువు అయిపోతుందని గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాడు.

కానీ నోటీసులను కాంట్రాక్టర్ రిజిస్టర్డ్ కార్యాలయానికి చేతికందేలా పంపాలని, ఈమెయిల్ చెల్లదని ఒప్పందంలోని 30.1 క్లాజు చెబుతోంది. సాయంత్రం ఐదు తరువాత అందినది మర్నాడు అందినట్టు లెక్క. అందిన రోజును లెక్కలో చేర్చకూడదు. కొరియర్ మార్చి 6 సాయంత్రం ఆరింటికి చేరింది. కాబట్టి అందిన తేదీ మార్చి 7. లెక్క మార్చి 8న మొదలై, పద్నాలుగో రోజు మార్చి 21తో ముగుస్తుంది. మేనేజర్ లెక్కకూ దీనికీ నాలుగు రోజుల తేడా. మార్చి 18 ఉదయం రద్దు నోటీసు పంపి ఉంటే, కాంట్రాక్టర్‌కు ఇంకా గడువు మిగిలి ఉండగానే ఒప్పందాన్ని తెంచినట్టయ్యేది.

ఇంత చిన్న పొరపాటుకు ఇంత పెద్ద ఫలితమా అని అనిపించవచ్చు. నోటీసు వాస్తవంగా చేరి, చదివి, అర్థం చేసుకున్న కాంట్రాక్టర్ చిరునామా సాకు చూపి తప్పించుకోవడం న్యాయం కాదని భావించే న్యాయమూర్తులున్నారు. పైన చెప్పిన జిబ్రాల్టర్ కేసులోనే రద్దు నోటీసు ఒప్పందంలో రాసిన ప్రధాన కార్యాలయానికి కాకుండా పని స్థలంలోని కార్యాలయానికి వెళ్లినా, అది కోర్టులో ప్రాణాంతకం కాలేదు. అయితే చేరవేసే పద్ధతిలోని లోపాన్ని క్షమించడం వేరు, రోజులు తక్కువ ఇవ్వడం వేరు. మొదటిదానిలో కాంట్రాక్టర్ ఏమీ నష్టపోడు. రెండోదానిలో ఒప్పందం అతనికిచ్చిన సమయాన్నే కోల్పోతాడు.

హక్కులు నిలుపుకునే పేరా ఎందుకు?

ఇప్పుడు మూడో మాటకు వద్దాం. చాలామంది దాన్ని అలవాటుగా చేర్చే లాయర్ల పేరాగా చూస్తారు. అయితే కొన్ని చట్టాల్లో ఆ పేరా లేకపోతే డబ్బే పోతుంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 55వ సెక్షన్ ప్రకారం, కాలమే కీలకమైన ఒప్పందంలో ఆలస్యంగా జరిగిన పనిని స్వీకరించే పక్షం, స్వీకరించే సమయంలోనే పరిహారం కోరే ఉద్దేశం ఉందని నోటీసు ఇవ్వకపోతే, ఆ ఆలస్యానికి తరువాత పరిహారం అడగలేదు. జర్మనీ పౌరస్మృతిలోని 341వ సెక్షన్ కూడా ఒప్పందంలో రాసుకున్న జరిమానా గురించి ఇలాంటి మాటే చెబుతుంది: పని స్వీకరించేటప్పుడే హక్కును అట్టిపెట్టుకుంటేనే దాన్ని అడగవచ్చు.

మన గోదాములో ఇది ఊహకు సంబంధించిన సంగతి కాదు. రెండు ప్యానెళ్ల కొత్త పరీక్షా ఫలితాలు ఏప్రిల్ మధ్యకు గానీ రావు. పని పూర్తికావలసిన తేదీ మార్చి 31. దిద్దుబాటు విజయవంతమైనా కంపెనీకి రెండు వారాల ఆలస్యం తప్పదు. నోటీసులో "ఆలస్యానికి పరిహారం సహా" అనే చిన్న మాట అక్కడ ఉన్నది అందుకే. నేలను స్వీకరించే రోజున కంపెనీ ఆ మాట మళ్లీ రాయవలసి ఉంటుంది కూడా.

ఆ పేరా చేయలేని పని

ఒక పేరా రాసుకున్నాం కాబట్టి ఏం చేసినా హక్కులు భద్రమేననుకోవడం దీనిలో అతి పెద్ద అపోహ. రెండు పాత కేసులు ఈ హద్దును చక్కగా చూపిస్తాయి.

మొదటిది 1877 నాటిది. హ్యూస్ అనే భూస్వామి తన కౌలుదారైన మెట్రోపాలిటన్ రైల్వేకు 1874 అక్టోబరులో ఆరు నెలల్లో మరమ్మతులు చేయమని నోటీసు ఇచ్చాడు. మరమ్మతులకు బదులు తమ కౌలు హక్కును మీరే కొనుక్కోకూడదా, అది తేలేదాకా పని వాయిదా వేస్తాం అని రైల్వే అడిగింది. ఏడాది చివరిదాకా మాటలు నడిచి, బెడిసికొట్టాయి. మొదటి నోటీసు నుంచి ఆరు నెలలు నిండగానే భూస్వామి ఖాళీ చేయమన్నాడు. హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. మాటలు నడుస్తున్నంతకాలం గడువు ఆగిందని కౌలుదారు నమ్మేలా ప్రవర్తించి, తరువాత ఆ రోజులను కూడా లెక్కపెట్టడం న్యాయం కాదని, ఆరు నెలలను చర్చలు ముగిసిన నాటి నుంచి చూడాలని తేల్చింది. అది కౌలు వ్యవహారమే అయినా, గడువు ఇచ్చే ప్రతి నోటీసుకూ ఆ సూత్రం వర్తించగలదు. మన కంపెనీ సైటు ఇంజినీరు మార్చి 12న కాంట్రాక్టర్‌కు ఫోనులో "ముందు పదో ప్యానెల్ పని ముగించండి, ఆ రెండింటి సంగతి నెలాఖరున చూద్దాం" అని సందేశం పంపాడనుకోండి. నోటీసులోని ఆఖరి వాక్యం కంపెనీకి ఎంతో కొంత రక్షణ ఇస్తుంది. అయినా ఆ సందేశాన్ని నమ్మి కాంట్రాక్టర్ పనివాళ్లను పదో ప్యానెల్‌కు మళ్లించి ఉంటే, కాగితం మీది వాక్యం ఒక్కటే కంపెనీని గట్టెక్కిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

రెండోది 2009లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు తేల్చిన కేసు, టెలి2 అనే కంపెనీకీ బ్రిటన్ పోస్టాఫీసుకూ మధ్య వచ్చింది. టెలి2 తన మాతృసంస్థ నుంచి ఏటా ఇప్పించవలసిన హామీ పత్రం ఇవ్వలేదు. రద్దు చేసే హక్కు పోస్టాఫీసుకు వచ్చింది. కానీ అది దాదాపు ఏడాదిపాటు ఏమీ జరగనట్టే ఒప్పందాన్ని నడిపించి, అప్పుడు రద్దు చేసింది. జాప్యం చేసినంత మాత్రాన హక్కు వదులుకున్నట్టు కాదని ఒప్పందంలోనే ఒక క్లాజు ఉంది. అయినా కోర్టు పోస్టాఫీసు పక్షాన నిలవలేదు. ఒప్పందాన్ని కొనసాగించడమా, ముగించడమా అన్నది ఎంపిక. అన్నాళ్లు నడిపించారంటే కొనసాగించడాన్ని ఎంచుకున్నట్టే. అలాంటి క్లాజు ఆ ఎంపికను చెరిపేయలేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే హద్దు తెలుస్తుంది. ఆలోచించుకోవడానికి కావలసిన సహేతుకమైన కాలానికి ఆ పేరా కాపు కాస్తుంది. ఆ కాలంలో చేసే విరుద్ధమైన పనులకు కాపు కాయదు.

కాంట్రాక్టర్ వైపు నుంచి

ఇంతదాకా కంపెనీ బల్ల వైపు నుంచే చూశాం. నోటీసు అందుకున్నవారికి ఇది వేరుగా కనిపిస్తుంది. బిల్లు చెల్లింపు ఆలస్యం చేయడానికో, ధర తగ్గించుకోవడానికో ఉల్లంఘన నోటీసును ఒత్తిడి సాధనంగా వాడే కంపెనీలు ఉన్నాయని కాంట్రాక్టర్లు అంటారు, అందులో నిజం లేకపోలేదు. చిన్న కాంట్రాక్టర్‌కు ఒక్క ఉల్లంఘన నోటీసు అతని బ్యాంకు దగ్గరా, తరువాతి టెండర్ దగ్గరా అడ్డుపడవచ్చు.

మన కాంట్రాక్టర్ జవాబు ఇలా ఉందనుకుందాం. రెడీమిక్స్ కాంక్రీటు కంపెనీ పేర్కొన్న ప్లాంటు నుంచే వచ్చింది. లోపం అక్కడిది, తనది కాదు. అయినా రెండు ప్యానెళ్ల మీద అధిక బలం ఉన్న పాలిమర్ పొర వేస్తాడు. మొదటి మాట నిజమే కావచ్చు, కానీ దాని బరువు ఒప్పందం ఎవరిమీద మోపిందన్నదే ప్రశ్న. సరఫరాదారును కంపెనీ సూచించిందా, నిర్బంధించిందా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. రెండో మాట 9.3 క్లాజుకు జవాబు కాదు. పై పొర ఎంత గట్టిదైనా, కిందున్న కాంక్రీటు బలం 22.7 దగ్గరే ఉంటుంది. కంపెనీ కావాలనుకుంటే, ఆ ప్యానెళ్ల మీద తక్కువ బరువు మోపే షరతుతో, ధర తగ్గించుకుని దాన్ని ఒప్పుకోవచ్చు. అది ఒప్పందంలో మార్పు అవుతుంది, ఉల్లంఘనకు దిద్దుబాటు కాదు. విడిగా రాసి ఇద్దరూ సంతకం పెట్టవలసిన సంగతి.

జవాబు రాకపోవడం కన్నా ఇలాంటి జవాబు రావడం కంపెనీకి మేలు. నోటీసులో నిజంగా పొరపాటు ఉంటే గడువులోపలే తెలుస్తుంది. తన వాదన తప్పని తేలితే వెనక్కి తగ్గడానికి కంపెనీకి సమయం ఉంటుంది.

మార్చి 22 ఉదయం

గడువు ముగిసిన మర్నాడు సైటులో ఏడో ప్యానెల్ పూర్తిగా తొలగించి ఉంది. ఎనిమిదోది సగం కోసి ఉంది. కొత్త కాంక్రీటు ఇంకా పోయలేదు. పనివాళ్లు మార్చి 15న వచ్చారు, 18, 19 తేదీల్లో రాలేదు, 20న మళ్లీ వచ్చారు. ఇది "ఎడతెగకుండా కొనసాగించడం" కిందికి వస్తుందా?

కంపెనీ లాయర్ రాదని అనగలడు. ఐదు రోజుల్లో కావలసిన కోత ఏడు రోజులకు కూడా పూర్తికాలేదు, మధ్యలో రెండు రోజులు ఎవరూ లేరు. కోత యంత్రం చెడిపోయి ఇంకొకటి తెప్పించడానికి రెండు రోజులు పట్టిందని కాంట్రాక్టర్ బిల్లు చూపగలడు. అది నిజమైతే, ఈ రోజున రద్దు చేయడం కంపెనీకి ప్రమాదం. మొదలుపెట్టాలన్న షరతు నెరవేరింది, కొనసాగింపులో వచ్చిన అంతరాయానికి కారణం కనిపిస్తోంది.

ఆ ఉదయం కంపెనీ ఏమీ రాయకుండా ఊరుకుంటే టెలి2 కేసు దారిలో అడుగు పెట్టినట్టు. కాబట్టి వెళ్లవలసింది రద్దు ఉత్తరం కాదు, ఇంకొక చిన్న ఉత్తరం: మార్చి 22న సైటులో ఏం కనిపించింది, ఏ రోజుల్లో పని ఆగింది, రెండు ప్యానెళ్లకు కాంక్రీటు పోసే తేదీలు ఏమిటో మూడు పనిదినాల్లో రాసివ్వండి, మొదటి నోటీసు ఇంకా అమల్లోనే ఉంది, అందులో అట్టిపెట్టుకున్న హక్కులన్నీ అలాగే ఉన్నాయి. దానితో పాటు ఆ ఉదయం తీసిన ఫోటోలు, పనివాళ్ల హాజరు పట్టీ నకలు. ఈసారి ఈమెయిల్‌లో కాదు, 30.1 క్లాజు చెప్పిన చిరునామాకు, సాయంత్రం ఐదులోపల చేరేలా.